వర్తకం హలాల్, రిబా హరామ్: ఈ వాక్యంలో రిబాను వడ్డీ అంటే సరిపోతుందా?

ఎంబీఏ విద్యార్థిని: వ్యాపారం–మతం ఎలక్టివ్‌లో ఖురాన్ 2:275 చదువుతున్నాం. "వర్తకాన్ని అల్లాహ్ అనుమతించాడు, రిబాను నిషేధించాడు" అని ఉంది. తెలుగులో వడ్డీ అని రాసేయొచ్చా?

కర్నూలు వ్యాపారి: కుదరదు. 3:130లో "రెట్టింపులకు రెట్టింపులు" తినొద్దన్నారు. అంటే చక్రవడ్డీ. మామూలు బ్యాంకు వడ్డీకి అది అంటదు.

అరబ్బీ చదివిన మాస్టారు: 3:130లో ఆ మాట ఉన్న మాట నిజమే. కానీ 2:279 "మీ అసలు మీకు చెందుతుంది" అని తేల్చేసింది. అందుకే అప్పు మీద ముందే షరతు పెట్టిన అదనం పావలా అయినా రిబాయేనని ఫకీహుల్లో, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితుల్లో, ఎక్కువమంది మాట. 1985లో జెడ్డాలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ బ్యాంకు వడ్డీనీ అందులోనే కలిపింది. 2002లో కైరోలోని అల్ అజ్‌హర్ పరిశోధనా మండలి మాత్రం ముందే నిర్ణయించిన రాబడి ఇచ్చే డిపాజిట్లకు ఒప్పుకుంది. దాని మీద గొడవ ఇంకా ఉంది.

విద్యార్థిని: మరి లాభం తీసుకుంటే తప్పు కాదా?

మాస్టారు: తేడా లెక్కలో తెలుస్తుంది. మీరు బట్టల కొట్టుకు రెండు లక్షలిచ్చి, "నెలకు నాలుగువేలు లాభం" అని రాయించుకుంటే అది నూటికి రెండే, పేరు మార్చారంతే. ఒకరి డబ్బు, ఇంకొకరి కష్టం కలిసే ఒప్పందం ముదారబా. అందులో వచ్చే లాభానికే వాటా, ఉదాహరణకు చెరిసగం. ఏడాదికి అరవైవేలు మిగిలితే ముప్పై మీకు, ముప్పై కొట్టాయనకు. నలభైవేలు నష్టమొస్తే అది మీ పెట్టుబడిలోంచే పోతుంది, ఆయనకు పోయేది ఏడాది కష్టం. ఆయన నిర్లక్ష్యం, ఒప్పందం తప్పడం ఉంటే తప్ప అసలుకు హామీ అడగకూడదు. ఒప్పందంలో చూడాల్సింది ఈ హామీ మాటే.

దుబాయ్‌లో ఉంటున్నాను: చర్చకు అడ్డమేమో, నా కారు సంగతి చెప్పండి. డీలరు దగ్గర అరవైవేల దిర్హమ్‌లు, ఇస్లామిక్ బ్యాంకు వాయిదాల మీద అరవై తొమ్మిదివేలకు అమ్మింది. పైన తొమ్మిదివేలు వడ్డీ కాక ఏమిటి?

కర్నూలు వ్యాపారి: అదే నేనూ అంటున్నా. టోపీ మార్చిన వడ్డీ!

మాస్టారు: మురాబహా అంటారు. బ్యాంకు ముందు బండి తాను కొని, దాని నష్టభయం కాసేపైనా మోసి, తర్వాత మీకు అమ్మాలి. అప్పుడది వర్తకం. ఒకసారి కుదిరిన ధర వాయిదా ఆలస్యమైనా పెరగకూడదు. ఆలస్య రుసుం పెట్టినా దాన్ని బ్యాంకు మిగుల్చుకోదు, దానధర్మాలకు ఇవ్వాలి. బండి బ్యాంకు చేతికి రాకుండా డబ్బే చేతులు మారితే మీ అనుమానం సబబే. ఇన్వాయిస్ ఎవరి పేరున ఉందో చూడండి.

దుబాయ్‌లో ఉంటున్నాను: చూశాను మాస్టారూ. నా పేరు మీదే ఉంది. తేదీ బ్యాంకు ఒప్పందం కంటే రెండు రోజులు ముందుది.