ఏసీ రిపేరైన 26 రోజులకే మళ్ళీ వేడిగాలి, గ్యారేజీ ఓనరుకు ఉత్తరం ఎలా రాయాలి?

ఖమ్మం_కారు: జూన్ 3న మా కారు ఏసీ బాగు చేయించాను. ఒక పైపు జాయింటు దగ్గర ఓ-రింగ్ మార్చి, గ్యాస్ నింపి 4,800 తీసుకున్నారు. బిల్లు వెనక "చేసిన పనికి 3 నెలలు లేదా 5,000 కిలోమీటర్లు వారంటీ" అని ముద్ర ఉంది. జూన్ 29 నుంచి మళ్ళీ వేడిగాలే. ఫోన్ చేస్తే "గ్యాస్‌కి వారంటీ ఉండదు సార్, 1,800 అవుతుంది తీసుకురండి" అన్నాడు. ఉత్తరంలో ఇలా రాద్దామనుకుంటున్నా: "మీరు నింపిన గ్యాస్ మళ్ళీ లీకైంది, ఉచితంగా నింపి ఇవ్వండి." సరిపోతుందా?

రమణ_విజయవాడ: ఏసీ గ్యాస్ ఏటా కొంచెం తగ్గడం మామూలే అన్నా. నేను ప్రతి ఎండాకాలం నింపిస్తా. దీనికి ఉత్తరాలు ఎందుకు?

పాత_స్పానర్: రమణ గారూ, రబ్బరు పైపుల గుండా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పోవడం నిజమే. కానీ 26 రోజుల్లో మొత్తం పోదు. ఏటా నింపించాల్సి వస్తోందంటే మీ బండిలోనూ లీక్ ఉన్నట్టే.

ఖమ్మం గారూ, ఆ వాక్యం మాత్రం రాయకండి. గ్యాస్ నింపమని మీరే అడిగితే ఆయన నింపేసి పంపిస్తాడు, ఇంకో నెలకు మళ్ళీ ఇదే కథ. పైగా లీకయిందని మీకెలా తెలుసు? బండి హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కుతోందా? అలాగైతే ముందు కండెన్సర్ ఫ్యాన్ చూడాలి. ఏసీ నొక్కగానే కంప్రెసర్ క్లచ్ 'టక్' మని పడుతోందా? జబ్బు పేరు మీరు పెట్టొద్దు, లక్షణం మాత్రం రాయండి.

ఖమ్మం_కారు: హైవే మీద కూడా వేడిగాలే. ఫ్యాన్ తిరుగుతోంది. టక్ శబ్దం లేదు.

పాత_స్పానర్: గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని పడనివ్వదు. రిలే పోయినా అంతే. ఏదో తేల్చడం వాళ్ళ పని. చూసి చెప్పేదాకా వేరే మెకానిక్ చేత మాత్రం ముట్టించకండి. "బయటివాళ్ళు కెలికారు" అనే మాటకు చోటివ్వొద్దు.

సుజాత_హెచ్‌వైడీ: మా ఇంట్లో స్ప్లిట్ ఏసీకి కూడా ఇదే గోల, మూడుసార్లు గ్యాస్ నింపారు. దానికీ ఇలాగే రాయొచ్చా?

లెడ్జర్_బాబు: రాయొచ్చండీ, కాకపోతే కిలోమీటర్ల లెక్క ఉండదు. ఖమ్మం అన్నా, నేనొక డ్రాఫ్ట్ రాశా, చూడు:

> గ్యారేజీ యజమాని గారికి,
> జూన్ 3న మా కారు (నంబరు, జాబ్ కార్డు నంబరు) ఏసీ మీ దగ్గర రిపేరు చేయించాను. అప్పటి రీడింగు 61,220. ఓ-రింగ్ మార్చి గ్యాస్ నింపినట్టు బిల్లులో ఉంది. జూన్ 29న, 62,360 దగ్గర, అదే సమస్య తిరిగొచ్చింది: కూలింగ్ లేదు, కంప్రెసర్ పడటం లేదు. ఈ మధ్యలో ఏసీని ఎవరూ ముట్టుకోలేదు.
> బిల్లు మీది వారంటీ ప్రకారం నా ఎదుట మళ్ళీ పరీక్షించమని కోరుతున్నాను. గ్యాస్ నింపే ముందు లీక్ పరీక్ష చేసి, కారణం కాగితం మీద రాసి ఇవ్వండి. ఏడు రోజుల్లోగా మీకు వీలైన తేదీ చెప్పండి. బిల్లు నకలు జతచేశాను.

రెండు కాపీలు తీసుకెళ్ళు. ఒకదాని మీద సంతకం, స్టాంపు వేయించుకో. వేయనంటే స్పీడ్ పోస్టు.

పాత_స్పానర్: బాగుంది. "లీక్ పరీక్ష" అని వదిలేస్తే సబ్బు నురగ రాసి అయిపోయిందంటారు. "నైట్రోజన్ నింపి, కనీసం అరగంట గేజి ముల్లు పడిపోతోందా చూడాలి" అని చేర్చండి. సబ్బు నీళ్ళకు బయటి జాయింట్లే దొరుకుతాయి. డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌కి నురగ రాయలేరు కదా. అక్కడ చిన్న లీకైతే రంగు ద్రవం వేసి, కొన్నాళ్ళు తిప్పి, నీళ్ళు కారే పైపు దగ్గర యూవీ లైటుతో చూడాల్సి రావచ్చు.

వైజాగ్_రైడర్: ఇంత ఓపిక ఎందుకు బ్రో, డైరెక్ట్ లాయర్ నోటీస్ కొట్టెయ్.

లెడ్జర్_బాబు: 4,800కి లాయర్ ఫీజే ఎక్కువవుతుంది. ముందు ఉత్తరం. పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంది, తొందరేం లేదు.

ఖమ్మం_కారు: అప్‌డేట్. ఉత్తరం చదివి ఓనరు గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత సంతకం పెట్టి శనివారం రమ్మన్నారు. నైట్రోజన్ పెడితే ముల్లు మెల్లగా దిగింది. వాళ్ళు మార్చిన ఓ-రింగ్ బాగానే ఉంది, లీక్ కూలింగ్ కాయిల్‌లో. "కాయిల్ మేం ముట్టుకోలేదు, దానికి వారంటీ రాదు. గ్యాస్ డబ్బులు వదిలేస్తా, కాయిల్, డాష్‌బోర్డు విప్పే లేబర్ మీవే" అంటున్నారు.

పాత_స్పానర్: కాయిల్ ఖర్చు మీరు పెట్టుకోవాల్సిందే అనుకుంటా. మొదటిసారే ఈ పరీక్ష చేశారా అని అడిగారా?

లెడ్జర్_బాబు: నేనొప్పుకోను. బిల్లులో "ఏసీ రిపేరు" అని ఉంటే లేబర్‌లో సగమైనా అడగాలి. బిల్లులో ఉన్న మాట ఉన్నట్టు పెట్టు అన్నా.

ఖమ్మం_కారు: "ఏసీ లీక్ చెక్ & గ్యాస్" అని ఉంది. లీక్ చెక్‌కి 600 వేశారు.

పాత_స్పానర్: అయితే ఆ 600 సంగతి ముందు అడగండి.