పన్నీరు ఇంట్లో చేసుకోవాలా, కొనాలా?

రాప్తాడు చెల్లెలు: మా ఆడబిడ్డ పెండ్లి ఉంది. వచ్చినవాళ్ళ మీద చల్లడానికి గులాబీ పన్నీరు ఇంట్లోనే చేద్దామా, కొనేద్దామా? మిగిలింది ముఖానికి వాడుకుంటాం. మల్లెపూలతో కూడా చేయొచ్చా?

పొద్దుటూరు పన్నీరు: ఇంట్లోనే చేసుకో చెల్లీ, ఇంకో మాట లేదు. బజారు సీసాల్లో నీళ్ళు, సెంటు తప్ప ఏమీ ఉండదు. గులాబీ రేకులు రెండుసార్లు కడిగి, అవి మునిగేదాకా నీళ్ళు పోసి సన్న మంట మీద పెట్టు. రేకుల్లో రంగంతా నీళ్ళలోకి దిగి అవి తెల్లగా అవుతాయి. అప్పుడు దించి, చల్లారినాక పల్చని గుడ్డలో వడగట్టి సీసాకు పోసుకో. ఆ రంగు చూస్తేనే తెలుస్తుంది అసలు పువ్వు అని. నేను చాలా కాలంగా ఇట్లాగే చేస్తున్నా, మా వీధిలో అడిగినవాళ్ళకు ఇస్తున్నా కూడా.

గుత్తి పూలకొట్టు: ముందు ఏ గులాబీ అనేది చెప్పండి. దండల్లోకి మేం అమ్మే ఎర్ర గులాబీలకు రంగే గానీ వాసన ఉండదు, పైగా వాటికి మందు బాగా కొడతారు. దీనికి కావాల్సింది పన్నీరు గులాబీ, లేత రోజా రంగులో చిన్నగా ఉంటుంది, ఒక్కరోజుకే రేకులు రాలిపోతాయి. అందుకే అంగళ్ళలో తక్కువ కనిపిస్తుంది. ఎవరి పెరట్లోనైనా ఉంటే తెల్లారేసరికి కోయాలి, ఎండెక్కితే సగం వాసన పోయినట్టే.

ఆదోని మాస్టారు: పూలకొట్టు భాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ పొద్దుటూరు అక్క చెప్పినట్టు ఉడికించి వడగడితే వచ్చేది పన్నీరు కాదమ్మా. వాసనిచ్చేవి ఆవిరిలో కలిసి లేచిపోయేవి, కాబట్టి మూత తీసి ఉడికిస్తే అవి వంటింట్లోకి పోతాయి. గిన్నెలో మిగిలేది రంగు, పువ్వులోని చక్కెర, వగరు. ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లకు పేరున్న కనౌజ్‌లో ఇప్పటికీ డేగ్ అనే రాగి పాత్రలో పూలు, నీళ్ళు పోసి, మూతకు మట్టి మెత్తి, వెదురు గొట్టం గుండా ఆవిరిని పక్కనే నీళ్ళ తొట్టిలో ఉన్న భప్కా అనే పాత్రలోకి దించుతారు. ఆవిరి చల్లబడి నీరైతేనే పన్నీరు.

మన వంటింట్లో కూడా కుదురుతుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకుని, మధ్యలో చిన్న స్టాండు పెట్టి దాని మీద ఖాళీ గిన్నె ఉంచండి. స్టాండు చుట్టూ అర కిలో రేకులు వేసి లీటరున్నర నీళ్ళు పోయండి. నీళ్ళ మట్టం లోపలి గిన్నె అంచుకు బాగా కిందే ఉండాలి. మూతను బోర్లా కాకుండా వెల్లకిలా, పిడి కిందికి వచ్చేట్టు పెట్టండి. ఆవిరి దాని మీద నీరై పిడి దాకా జారి గిన్నెలో పడుతుంది. మూత మీద ఐసు ముక్కలు, కరిగినప్పుడల్లా ఆ నీళ్ళు తీసేసి మళ్ళీ ఐసు. మంట సన్నగా ఉండాలి. పెద్ద మంట పెడితే నీళ్ళు పొంగి గిన్నెలోకి చిమ్ముతాయి, రేకులు అడుగంటితే మాడు వాసన వస్తుంది, అది మళ్ళీ పోదు.

ఎక్కడ ఆపాలన్నది చాలామందికి తెలియదు. అర కిలో రేకులకు అర లీటరు దిగేసరికి ఆపేయండి, మంచి వాసన కావాలంటే ఇంకా ముందే. చివర్లో ఒక్కో చెంచా పట్టి వాసన చూడండి. ఉడికిన ఆకుకూర వాసన మొదలైందంటే పువ్వులో ఇక ఇవ్వడానికేం లేదు. దింపిన రోజు కొంచెం పచ్చి వాసన వేస్తుంది, నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంటే సర్దుకుంటుంది.

పొద్దుటూరు పన్నీరు: అట్ల చేస్తే వచ్చేది తెల్లటి నీళ్ళే కదా సార్. రంగు లేదు, ఏం లేదు. అందులో గులాబీ ఎక్కడుంది? నా సీసా, మీ సీసా పక్కపక్కన పెడితే జనం దేన్ని పన్నీరంటారు?

ఆదోని మాస్టారు: రంగు ఆవిరిలో రాదమ్మా. దింపిన పన్నీరు మంచినీళ్ళలా తెల్లగానే ఉంటుంది. రంగు కనిపించిందంటే గిన్నెలోకి నీళ్ళు చిమ్మినట్టే లెక్క. కొన్న సీసాలో రోజా రంగుంటే నేనైతే ముందు లేబుల్ చదువుతా.

కర్నూలు కుర్రాడు: అన్నా, ఇంట్లో బిర్యానీలోకి ఫ్యాన్సీ షాపులో కొన్న రోజ్ వాటర్ వేయొచ్చా?

ఆదోని మాస్టారు: ముఖానికని అమ్మేది తినేదాంట్లో వేయొద్దు నాయనా. తినడానికి అని రాసి, ఫుడ్ లైసెన్స్ నంబరు ఉన్నదే తీసుకో.

జమ్మలమడుగు కోడలు: కొన్నవి అసలు వద్దండీ. ఒక పెద్ద అంగట్లో తీసుకున్న సీసా మా పాపకు రాస్తే సాయంత్రానికి చెంపలు ఎర్రగా పొంగాయి. అంగడివాడినడిగితే మీ పాప చర్మమే అంత అన్నాడు. అప్పట్నుంచీ కంపెనీ సరుకంటేనే టెన్షన్. ఇప్పుడు పొద్దుటూరు అక్క చెప్పినట్టే చేసుకుంటున్నా. ఎండాకాలం కళ్ళు మండితే పాపకు రెండు చుక్కలు కళ్ళలో కూడా వేస్తా.

ఆదోని మాస్టారు: అమ్మా, కళ్ళలో వేయడం ఈరోజే ఆపేయండి. మీరు ఉడికించినదైనా, నేను దింపినదైనా, అంగట్లో కొన్న ముఖం పన్నీరైనా కంటికి పనికిరాదు. అందులో సూక్ష్మక్రిములు చేరితే మనకు కనపడదు. నీళ్ళు తేటగానే ఉంటాయి, వాసనా బాగానే ఉంటుంది. మసకేసి, దూదిపోగుల్లాంటివి తేలి, పుల్లటి వాసన వచ్చేసరికి అవి ఎప్పుడో పెరిగిపోయి ఉంటాయి. కళ్ళు మండితే డాక్టరుకు చూపించండి.

కొన్న సీసా సంగతి. అన్నీ ఒకటి కాదు. వెనకాల రాసినదాంట్లో మొదట్లోనే రోసా డమస్కీనా ఫ్లవర్ వాటర్ అని ఉంటే అది దింపిన నీరని అర్థం. నీళ్ళు, పర్‌ఫ్యూమ్, వాటిని కలపడానికి ఒక నూనె మందు ఉండి గులాబీ పేరే లేకపోతే అది సెంటు నీళ్ళు. మీ పాపకు పడనిది ఆ సెంటే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. వాసన చూసి మాత్రం కనిపెట్టలేం. గులాబీ నీళ్ళకు ఆ వాసన ఎక్కువగా ఇచ్చేది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, దాన్ని ఫ్యాక్టరీలో చవగ్గా తయారుచేస్తారు.

రాప్తాడు చెల్లెలు: మాది బోరు నీళ్ళు, ఫ్లోరైడ్ ఉందంటారు. పర్వాలేదా సార్?

ఆదోని మాస్టారు: దింపితే పర్వాలేదు, ఉప్పులూ ఫ్లోరైడూ ఆవిరిలో రావు, కింద గిన్నెలోనే ఉండిపోతాయి. ఉడికిస్తే మాత్రం నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి. మల్లె గురించి కూడా అడిగారు కదా, దాని వాసన మరిగే వేడికి నిలవదు. అందుకే మదురై, కోయంబత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో ద్రావకంతో తీస్తారు. ఇంట్లో చేస్తే ఉడికిన పూల వాసనే వస్తుంది, పూలు దండగ.

పొద్దుటూరు పన్నీరు: మాస్టారుగారూ, అన్నిటికీ మీరొక్కరే చెప్తారు. లేబుల్ చదవమంటారు, కంపెనీవి కొన్ని మంచివంటారు, ఆడవాళ్ళు ఇంట్లో చేసింది మాత్రం క్రిములు. మా అమ్మమ్మ ఇట్లాగే చేసింది, ఎవరికీ ఏం కాలేదు. కెమికల్ వేయకుండా చేయడమే నా తప్పా?

గుత్తి పూలకొట్టు: అక్కా, కోపం వద్దు. ఒక్కటి అడుగుతా. మీ సీసా మీద ఏ రోజు చేసిందో రాస్తారా? కొన్నవాళ్ళు ఫ్రిజ్‌లో పెడుతున్నారా?

పొద్దుటూరు పన్నీరు: అందరిళ్ళలో ఫ్రిజ్ ఉందా అన్నా? ఉన్నవాళ్ళు పెట్టుకుంటారు, లేనివాళ్ళు గూట్లో పెట్టుకుంటారు. ఇప్పుడు అసలు మాట చెప్తా వినండి. ఈ చర్చ చదివి మా వీధిలో ఇద్దరు వచ్చి సీసాలు వెనక్కిచ్చారు. పిల్లల ఫీజు ఆ డబ్బుతోనే కడుతున్నా. మీకు ఇది పాఠం, నాకు ఇల్లు గడవడం.

ఆదోని మాస్టారు: అమ్మా, మీ కష్టం నాకు అర్థమైంది. అయినా నేను చెప్పాల్సింది చెప్పక తప్పదు. మీ ఇంట్లో చేసుకుని మీరు రాసుకుంటే నాకు ఏ పేచీ లేదు, రెండు మూడు రోజుల్లో వాడేసి మిగిలింది మొక్కకు పోస్తారు. అమ్మడం వేరు. మే నెలలో మన కడప ఎండకు ఉడికించిన రేకుల నీళ్ళు గూట్లో పెడితే, అందులో చక్కెర ఉంటుంది కాబట్టి రెండో రోజుకే చెడిపోవడం మొదలవుతుంది. కొన్నావిడకు ఆ సంగతి తెలియదు, మిమ్మల్ని నమ్మి ముఖానికి రాసుకుంటుంది. పైగా ముఖానికి రాసేది తయారుచేసి అమ్మాలంటే లైసెన్స్ కావాలి.

మానేయమని నేననను. ఆవిరితో దింపండి, మరిగించి ఆరబెట్టిన గాజు సీసాల్లో పట్టండి, తడి సీసాలో ఎప్పుడూ పోయొద్దు. చెడిపోకుండా లీటరుకు ఒక గ్రాము సోడియం బెంజోయేట్ కలపండి. నీటికి కాస్త పులుపు ఉంటేనే అది పనిచేస్తుంది, దింపిన పన్నీరు మామూలుగా కొంచెం పుల్లగానే ఉంటుంది, పీహెచ్ పేపరు ముంచి ఐదుకు కింద ఉందో లేదో చూసుకోండి. ఆ బెంజోయేట్ స్క్వాష్‌ల్లో, సాస్‌ల్లో వేసేదే. సీసా మీద తేదీ రాయండి.

పొద్దుటూరు పన్నీరు: నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఏమీ కలపలేదనే వస్తారు సార్. ఆ గ్రాము పడిన రోజు వాళ్ళు నా దగ్గరికెందుకు రావాలి, అంగట్లోనే కొనుక్కుంటారు.

జమ్మలమడుగు కోడలు: నేనూ అంతే అక్కా. కలిపితే నేను తీసుకోను.

గుత్తి పూలకొట్టు: నీళ్ళు చెడిపోయినా సరే, బెంజోయేట్ మాత్రం వద్దంటారా?

జమ్మలమడుగు కోడలు: చెడిపోతే కనపడుతుంది అన్నా, పారబోస్తాం. కంపెనీ వాడు కలిపింది మాకు ఎట్ల కనపడాల?

ఆదోని మాస్టారు: చెడిపోయినా మొదట్లో కనపడదమ్మా, పైన అదే కదా రాశాను. పాప కళ్ళలో మాత్రం వేయకండి. మిగతావి మీ ఇష్టం.

రాప్తాడు చెల్లెలు: పెండ్లికి ఎన్ని పూలు కావాలో ఎవరూ చెప్పలేదు.

గుత్తి పూలకొట్టు: రెండు లీటర్లు కావాలంటే మాస్టారి లెక్కన రెండు కిలోల రేకులు. రేకులే, తొడిమ తీసినాక. పన్నీరు గులాబీ అంత ఒకే రోజు దొరకడం కష్టం, నేను చెప్పిపెట్టినా హామీ ఇవ్వలేను. జనం మీద చల్లడానికి లేబుల్ చూసి కొనేయ్ చెల్లీ. పన్నీటి బుడ్డిలో పాత నీళ్ళు ఉంటాయి, వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టినాకే పొయ్యి. ముఖానికి కావాల్సిన అర లీటరు ఇంట్లో దింపుకో, దానికి సరిపడా పూలు నేను తెప్పిస్తా, ముందురోజు సాయంత్రం చెప్పు.

పొద్దుటూరు పన్నీరు: ఆ అర లీటరు దింపినాక నాకూ ఒకసారి చూపించు చెల్లీ. ముఖానికి ఎట్లుందో నువ్వు చెప్పు, మాస్టారు చెప్పొద్దు.