ఇన్వెస్టర్ రాకముందే జవాబులు రాసిపెట్టాలా? పల్ప్ యూనిట్ వాళ్ల సలహా కావాలి

పూతలపట్టు పల్ప్: మాది చిన్న తోతాపురి మామిడి పల్ప్ యూనిట్. ఇంకో లైన్ వేయడానికి ఒక ఇన్వెస్టర్ ముందుకొచ్చారు. వచ్చే నెల వాళ్ల మనుషులు డ్యూ డిలిజెన్స్‌కు, అంటే డబ్బు పెట్టేముందు మా లెక్కలు, కాగితాలు తనిఖీ చేయడానికి వస్తారు. అడగబోయే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఇవ్వాలా, వచ్చాక నోటితో చెప్పుకుంటే సరిపోతుందా?

చిత్తూరు ట్రేడర్: రాసివ్వొద్దన్నా. మా బావమరిది ఇట్లే రాసిచ్చాడు. ఆ మాటలన్నీ నిజమని హామీ ఇచ్చినట్టు అగ్రిమెంట్‌లో వారంటీ కింద ఎక్కించారు. తర్వాత ఒకటి తేడా వస్తే నష్టపరిహారం కట్టమన్నారు. నోటిమాటయితే మెడకు చుట్టుకోదు.

తిరుపతి ఆడిటర్: వారంటీ సంగతి నిజమే సార్. కానీ నోటితో చెప్పినా వాళ్లు నోట్ చేసుకుంటారు, సాయంత్రానికి మెయిల్ పెట్టి "ఇదేనా మీరన్నది" అని అడుగుతారు. అప్పుడు తడబడితే ఇంకా కష్టం.

పూతలపట్టు అన్నగారూ, మీకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి చెప్తాను: "మీ రికవరీ ఎంత?" అంటే కొన్న కాయ బరువులో ఎంత శాతం పల్ప్‌గా వస్తుందని. ప్లాన్‌లో ఎంత వేశారు?

పూతలపట్టు పల్ప్: 55 శాతం వేశామమ్మా. మెషిన్ వాళ్ల కొటేషన్‌లో అదే ఉంది.

తిరుపతి ఆడిటర్: పోయిన సీజన్‌లో గేటు దగ్గర కాటా చీటీల మొత్తం, నింపిన డ్రమ్ముల లెక్క చెప్పగలరా?

పూతలపట్టు పల్ప్: కాయ 1,200 టన్నులు. డ్రమ్ములు 2,700, ఒక్కోదాంట్లో 215 కిలోలు.

తిరుపతి ఆడిటర్: అంటే పల్ప్ 580 టన్నులు. రికవరీ 48 శాతం పైచిలుకు, 55 కాదు. వాళ్లు వచ్చిన మొదటి రోజే ఇట్లా భాగించి చూస్తారు. మీరు అబద్ధం చెప్పారని కాదు. మెషిన్ వాళ్లు మాగిన, ఏరిన కాయను లైన్ మీద తూచి లెక్కిస్తారు. మీరు డబ్బు కట్టేది గేటు దగ్గర పచ్చికాయ బరువుకు. మాగబెట్టినప్పుడు బరువు తగ్గుతుంది, కుళ్లినవి ఏరి పారేస్తారు. ఆ తేడా అంతా మీ ఖర్చే. కాయ 12 రూపాయలనుకోండి, 55 శాతం లెక్కన కిలో పల్ప్‌లో కాయ ఖర్చు దాదాపు 22 రూపాయలు, 48 లెక్కన దాదాపు 25. కిలోకు మూడు రూపాయలు ప్లాన్‌లో లేకుండా పోయింది.

కూర్చుని రాస్తే ఇది ఈరోజే మీకు దొరికింది. వాళ్ల ముందు దొరికితే మిగతా అంకెలన్నీ అనుమానంగా చూస్తారు. జవాబు రెండు వాక్యాలు చాలు: గేటు బరువు మీద 48 శాతం, ఏ సీజన్, కాటా రిజిస్టర్ ఏ ఫైల్‌లో ఉంది. ఫైల్ పేరు రాయలేని జవాబు ఇంకా తయారు కాలేదనే లెక్క.

బంగారుపాళ్యం రైతు: మీరు ఇన్వెస్టర్‌కు జవాబులు రాస్తున్నారు సరే, రైతుకు జవాబు ఎవరు రాస్తారు? 2025లో కిలో కాయకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయన్నారు. నేను కాయ తోలిన ఫ్యాక్టరీ ఆ 8 ఇవ్వడానికి నెలల తరబడి తిప్పింది. ఎండలో ట్రాక్టర్ పెట్టుకుని రెండు రాత్రులు గేటు దగ్గరే పడుకున్నాను.

తిరుపతి ఆడిటర్: పెద్దాయనా, మీరు పడ్డ కష్టం ఈ చర్చలోదే. రైతులకు ఇంకా ఎంత బాకీ, ఎన్ని రోజులుగా అన్నది వాళ్లు అడిగే ప్రశ్నే. బ్యాలెన్స్ షీట్‌లో ఒక్క అంకెగా కనబడేదాన్ని పేరుపేరునా, తేదీలవారీగా అడుగుతారు. వచ్చే పెట్టుబడిలోంచి పాత బాకీకి ఎంత పోతుందో వాళ్లకు తెలియాలి కదా.

ఇంకోటి గుర్తుచేశారు. అన్నగారూ, ప్లాన్‌లో కాయ ధర ఎంత వేశారు?

పూతలపట్టు పల్ప్: 8 వేశాను. 2025లో మేం కట్టింది అదే.

తిరుపతి ఆడిటర్: ఆ ఏడాది రైతుకు చేరాల్సింది 12. వచ్చే ఏడాది ప్రభుత్వం ఆ 4 ఇవ్వకపోతే ఎవరు కడతారని అడుగుతారు. మొత్తం మీ మీద పడితే కిలో పల్ప్‌కు ఇంకో 8 రూపాయల పైన పెరుగుతుంది. 8కి, 12కి రెండు లెక్కలూ వేసి, ఏ ధర దాటితే లైన్ ఆపుతారో కూడా రాయండి.

చిత్తూరు ట్రేడర్: అమ్మా, లెక్క వేసుకోమనడం ఒప్పుకుంటాను. ఆ కాగితం వాళ్ల చేతికి ఇవ్వమనడమే ఒప్పుకోను. 48 అని రాసిచ్చాడు, వచ్చే సీజన్‌లో వానలు పడి కాయ చెడి 45 వచ్చిందనుకో?

తిరుపతి ఆడిటర్: జరిగినదాన్ని జరిగినట్టు రాస్తే భయం లేదు సార్. "పోయిన సీజన్‌లో 48 వచ్చింది" వేరు, "48 వస్తుంది" వేరు. మీ బావమరిది రాసింది రెండో రకమేమో చూడండి. మెడకు చుట్టుకునేది అదే. బాకీలు, కోర్టు కేసులు ఉంటే అవి రాసివ్వడమే రక్షణ. ముందే చెప్పినదాని మీద తర్వాత క్లెయిమ్ రాకుండా అగ్రిమెంట్‌లో రాయించుకోవచ్చు. పంపేముందు లాయర్‌కు చూపించండి.

చిత్తూరు ట్రేడర్: అడిగి చూస్తాను. అయినా అడగనిదానికి ముందే ఎందుకివ్వాలి?

పూతలపట్టు పల్ప్: నాకూ అక్కడే ఆగింది. ప్లాన్‌లో 48 మార్చాను, 12తో ఇంకో లెక్క వేస్తున్నాను. కాటా చీటీల్లో జూన్ రెండో వారం కట్ట కనబడలేదు, స్టోర్‌లో వెతుకుతున్నాం. పెద్దాయనా, మా రైతుల బాకీ పట్టిక ఈ రాత్రికే మొదలుపెడతాను.