అప్‌డేట్: ఎల్‌ఓఎస్ ఎర్ర లైట్ ఆరింది

నా ప్రశ్న: "ఫొటోలో చూడండి, ఫైబర్ మోడెమ్‌లో ఎల్‌ఓఎస్ ఎర్రగా మినుకుతోంది, పీఓఎన్ ఆరిపోయింది, వైఫై మాత్రం పచ్చగానే ఉంది. రీసెట్ కొట్టాలా?"

రీసెట్ కొట్టలేదు, మంచిదైంది. కొట్టి ఉంటే లాగిన్ సెట్టింగులు చెరిగిపోయి ఇంకో తలనొప్పి వచ్చేది. వైఫై పచ్చగా ఉందంటే మోడెమ్‌కీ ఫోన్‌కీ మధ్య లింకు బాగుందని మాత్రమే. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందంటే బయటి నుంచి కాంతి సరిగా అందడం లేదని. అది ఆరి, పీఓఎన్ ఒక్కటే ఆగకుండా మినుకుతుంటే కాంతి వస్తోంది గానీ కంపెనీ వైపు రిజిస్ట్రేషన్ పూర్తికాలేదని. అప్పుడు ఫోన్ చేయడమే దారి.

మా ఇంట్లో టీవీ స్టాండ్ వెనక్కి జరిపినప్పుడు సన్నటి పసుపు వైరు గోడకి నొక్కుకుపోయి మడత పడింది. ఫైబర్ లోపల గాజు, కరెంటు వైరులా మడిస్తే ఊరుకోదు. పవర్ ఆపి, వైరుని వెడల్పు చుట్టగా వదులు చేసి, ఆకుపచ్చ కనెక్టర్ తీసి క్లిక్‌మనేలా మళ్లీ పెట్టాను. (దాని కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు, లోపల లేజర్ కంటికి కనిపించదు.) ఆన్ చేశాక పీఓఎన్ కాసేపు మినికి నిలకడగా వెలిగింది.

అయినా సాయంత్రం నెట్ తెగుతూనే ఉంది. మోడెమ్ సెట్టింగుల పేజీలో `RX Power`, అంటే లోపలికి అందుతున్న కాంతి బలం, చూస్తే -29 డీబీఎం. సాధారణంగా -27 కంటే దిగజారితే నమ్మలేం. టెక్నీషియన్ వచ్చి దెబ్బతిన్న కొన కోసి కొత్త కనెక్టర్ వేశాడు. ఇప్పుడు -20, తెగడం లేదు.