శాండ్‌బాక్స్ గేమ్‌కూ ఓపెన్ వరల్డ్ గేమ్‌కూ తేడాను ఎలా గుర్తించాలి?

అమలాపురం విద్యార్థి: అందరికీ నమస్కారమండీ. కళాశాలలో గేమ్ డిజైన్ గురించి నేను మాట్లాడవలసి ఉంది. జీటీఏ 5నూ మైన్‌క్రాఫ్ట్‌నూ కొందరు ఓపెన్ వరల్డ్ అనీ, కొందరు శాండ్‌బాక్స్ అనీ అంటున్నారు. తేడా ఎక్కడుందో చెప్పగలరా?

భీమవరం సభ్యుడు: మ్యాప్ పెద్దదిగా ఉండి నచ్చిన వైపు వెళ్లగలిగితే అది ఓపెన్ వరల్డ్, అందులో మిషన్లు లేకపోతే శాండ్‌బాక్స్ అని నా అభిప్రాయం.

పాలకొల్లు సభ్యుడు: మీ మొదటి మాట సరైనదే గానీ రెండోది నిలవదండీ. 1989లో వచ్చిన నగర నిర్మాణ గేమ్ సిమ్‌సిటీలో మనం నడిపించే పాత్రే లేదు, కొన్ని ఘట్టాలలో నిర్ణీత లక్ష్యం కూడా ఉంది, అయినా అది శాండ్‌బాక్సే. ఎక్కడికి వెళ్లగలమన్నది ఓపెన్ వరల్డ్‌కు సంబంధించిన ప్రశ్న, వెళ్లిన చోట ఏమి మార్చగలమన్నది శాండ్‌బాక్స్‌కు సంబంధించిన ప్రశ్న. అందుచేత ఒకే గేమ్ రెండూ కావచ్చు, మైన్‌క్రాఫ్ట్ అలాంటిదే.

మన ప్రాంతం వారికి పొలం ఉదాహరణ సులువుగా అర్థమవుతుంది. మైన్‌క్రాఫ్ట్‌లో నేలను తవ్వి ఒక బకెట్ నీరు పోస్తే, దానికి నాలుగు వైపులా నాలుగేసి బ్లాకుల దూరం వరకు దున్నిన నేల తడిగా ఉంటుంది. కాబట్టి తొమ్మిది బ్లాకుల పొడవు, తొమ్మిది బ్లాకుల వెడల్పు గల మడికి నడుమ ఒక్క బకెట్ నీరు చాలు, తక్కిన 80 బ్లాకులలోనూ విత్తుకోవచ్చు. అంతకంటే దూరంగా దున్నిన నేల ఎండిపోతుంది, అక్కడ పైరు నెమ్మదిగా ఎదుగుతుంది. ఆ మడి వేయమని ఏ మిషనూ చెప్పలేదు, నీటికీ మట్టికీ ఉన్న నియమాలను చూసి ఆటగాడే వేసుకున్నాడు, వారం తరువాత వచ్చి చూసినా అది అక్కడే ఉంటుంది.

జీటీఏ 5లో లాస్ శాంటోస్ నగరమంతా తిరగవచ్చు. కానీ కారుతో దీపస్తంభాన్ని పడగొట్టి, కొంత దూరం పోయి తిరిగి వస్తే అది మళ్లీ నిలబడి ఉంటుంది. గ్యారేజీలో దాచిన బండి వంటివి మిగులుతాయి గానీ, నేలను తవ్వి కాలువ తీయడం సాధ్యం కాదు.

రాజోలు సభ్యురాలు: మా అబ్బాయి మైన్‌క్రాఫ్ట్‌ను రెండు రోజులు ఆడి, ఏమి చేయాలో అది చెప్పడం లేదని వదిలేశాడండీ. వాడికి ఏది కొనిపెట్టమంటారు?

పాలకొల్లు సభ్యుడు: అమ్మా, ఇక్కడి ప్రశ్న వేరు గానీ, మీ అబ్బాయి చెప్పినది ఈ తేడాలోనిదే. లక్ష్యాన్ని తానే పెట్టుకోవలసిన గేమ్‌లో మొదటి రోజులు ఖాళీగా తోస్తాయి. కొత్తది కొనే ముందు పైన చెప్పిన మడిని వేయమనండి. అప్పటికీ నచ్చకపోతే, కథ వెంట నడిపించే ఓపెన్ వరల్డ్ గేమ్ అతనికి సరిపోతుంది.

భీమవరం సభ్యుడు: మరి 2017 నాటి జెల్డా, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ సంగతి ఏమిటి? అందులో గడ్డికి నిప్పు పెడితే వేడిగాలి లేస్తుంది, ఆ గాలి మీద గ్లైడర్‌తో పైకి ఎగరవచ్చు. నియమాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తున్నప్పుడు అదీ శాండ్‌బాక్సే కదా?

పాలకొల్లు సభ్యుడు: మంచి ప్రశ్న. అయితే అందులో ఎర్రచంద్రుడి రాత్రి వచ్చినప్పుడు చంపిన శత్రువులు తిరిగి లేస్తారు, ఆటగాడు చేసిన మార్పు నిలవదు. అందుకే నేను దానిని ఓపెన్ వరల్డ్ వైపే ఉంచుతాను.

భీమవరం సభ్యుడు: మార్పు నిలవాలన్న షరతును నేను ఒప్పుకోలేను. శాండ్‌బాక్స్ అంటే పిల్లలు ఆడుకునే ఇసుక తొట్టే, ఆ ఇసుకలో కట్టిన గూడు కూడా నిలవదు కదండీ.