“అభ్యుత్థానమధర్మస్య”లో అకారం ఎటు పోయింది?

బ్రాడీపేట టీచర్: గీతాజయంతికి మా బడిలో శ్లోకాల పోటీ పెట్టాం. వేదిక వెనక కట్టే ఫ్లెక్సీ ప్రూఫు ఇలా వచ్చింది:

యదా యదా హి ధర్మస్య గ్లానిర్భవతి భారత
అభ్యుత్థానం ధర్మస్య తదాత్మానం సృజామ్యహమ్

రెండో వరుస మొదట్లో “ధర్మస్య” అనే ఉంది. ధర్మం కుంగినప్పుడు దాన్ని పైకి లేపడానికి వస్తానని అర్థం కుదురుతోంది కదా, అలాగే ఉంచమంటున్నారు కొందరు. “అధర్మస్య” ఉండాలంటున్నారు ఇంకొందరు. ఏది సరి?

సత్యనారాయణపురం మాస్టారు: అధర్మస్య. అర్థం గురించి వాదించుకునే ముందు వేళ్లమీద లెక్కపెట్టండమ్మా. ఇది అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు. అ–భ్యు–త్థా–న–మ–ధ–ర్మ–స్య, ఎనిమిది. మీ ప్రూఫులో ఉన్నది అ–భ్యు–త్థా–నం–ధ–ర్మ–స్య, ఏడే. ఒక అక్షరం పడిపోయింది.

లెక్కతో తృప్తి లేకపోతే నడక చూడండి. ప్రతి పాదంలోనూ అయిదోది లఘువు, ఆరోది గురువు రావాలి. సరైన పాఠంలో అయిదోది “మ”, లఘువు. ఆరోది “ధ”, వెనక “ర్మ” ఉంది కనక గురువు. “యదా యదా హి ధర్మస్య”లోనూ ఇంతే: “హి” లఘువు, “ధ” గురువు. ప్రూఫు పాఠంలో అయిదో చోటే “ధ” వచ్చి గురువై కూర్చుంది. పిల్లల చేత తాళం వేయించి చదివిస్తే అక్కడే తడబడతారు.

ఫ్లెక్సీ డీటీపీ: తప్పు మాది కాదండీ. ఒక పాత పుస్తకం ఫొటో పంపి దాన్ని చూసి కొట్టమన్నారు. అందులో “అభ్యుత్థాన మధర్మస్య” అని విడగొట్టి ఉంది. “మధర్మస్య” అన్న మాటేమిటో తెలియక మ తీసేసి సున్నా పెట్టాం.

సత్యనారాయణపురం మాస్టారు: అసలు దొంగ దొరికాడు. పాత తెలుగు అచ్చుల్లో సంధి జరిగిన మాటల్ని అలా విరిచేవారు. “అభ్యుత్థానమ్”లో చివరి మకారం “అధర్మస్య”లోని అకారంతో కలిసి “మ” అయింది. అకారం “మ”లో ఒదిగిపోయింది, అందుకే కంటికి ఆనదు. కలిపి “అభ్యుత్థానమధర్మస్య” అని వేయండి.

“పైకి లేపడానికి” అన్న అర్థం గురించి కూడా చెబుతాను. అలా చెప్పాలంటే “అభ్యుత్థానాయ” అని చతుర్థి రావాలి. తర్వాతి శ్లోకంలో చూడండి, “పరిత్రాణాయ”, “వినాశాయ” అని ఎంత స్పష్టంగా ఉన్నాయో. ఇక్కడున్నది ప్రథమ. మొదటి వరుసలోని “భవతి” దీనికీ చెల్లుతుంది: ధర్మానికి గ్లాని ఎప్పుడెప్పుడు కలుగుతుందో, అధర్మానికి లేవడం ఎప్పుడెప్పుడు కలుగుతుందో, అప్పుడు నన్ను నేను సృజించుకుంటాను. ఒకటి కుంగడం, ఇంకొకటి లేవడం. రెండుచోట్లా ధర్మస్య అని పెడితే ఈ తూకం పోతుంది.

కానూరు నుంచి: ఇంకో సంగతి. “భారత” అన్నారు కనక ఇది మన దేశానికి ఇచ్చిన మాట. యుగానికి ఒక అవతారం చొప్పున వస్తానన్నాడు.

సత్యనారాయణపురం మాస్టారు: “భారత” సంబోధన. భరతవంశం వాడా అని అర్జునుణ్ణి పిలుస్తున్నాడు. దేశంలో అనడానికైతే “భారతే” అని ఉండాలి. అదీ ఎనిమిది అక్షరాలకు సరిపోతుంది కనక ఛందస్సుతో కొట్టెయ్యలేం, విభక్తితోనే తేల్చాలి. ఇక యుగానికి ఒకటి అంటారా, దశావతారాలనే లెక్కెయ్యండి. మత్స్య, కూర్మ, వరాహ, నారసింహాలు నాలుగూ కృతయుగంలోనివేనని చెబుతారు. త్రేతాయుగంలో వామనుడు, పరశురాముడు, రాముడు. “యుగే యుగే”కు ప్రతి యుగంలోనూ అన్నది మామూలు అర్థమే. కానీ ఒక్కొక్కసారే అన్న మాట శ్లోకంలో లేదు. రామానుజులైతే తన పుట్టుకకు కాలనియమమే లేదని, ఫలానా యుగంలోనే అన్న నియమమూ లేదని వ్యాఖ్య రాశారు. “యదా యదా”లోనే ఆ సంగతి ఉంది.

తెనాలి రంగస్థలం: మాస్టారూ, మా సమాజం వాళ్లు రాయబారం సీను వేస్తున్నారు. కౌరవసభలో కృష్ణుడు విశ్వరూపం చూపేచోట ఈ శ్లోకం పాడిస్తే చప్పట్లు మోగిపోతాయి. పెట్టొచ్చా? ఆయన అక్కడ అన్నదేగా?

నల్లపాడు అత్తయ్య: అక్కడ అన్నది కాదు బాబూ. రాయబారం ఉద్యోగపర్వంలోది. గీత భీష్మపర్వంలో, రెండు సేనలూ ఎదురెదురుగా నిలిచాక. సభలో విశ్వరూపం చూపిన మాట నిజమే, అందుకే మీకు కలిసిపోయింది.

పర్వం మాట అటుంచి, ఈ శ్లోకం ఒక ప్రశ్నకు జవాబు. నాలుగో అధ్యాయం మొదట్లో కృష్ణుడు ఈ యోగాన్ని వివస్వంతుడికి, అంటే సూర్యుడికి, చెప్పానంటాడు. ఆయన మనువుకి, మనువు ఇక్ష్వాకుడికి చెప్పారంటాడు. అర్జునుడికి లెక్క కుదరలేదు. నీ పుట్టుక నిన్నమొన్నటిది, సూర్యుడిది ఎప్పటిదో, నువ్వు ఆయనకు చెప్పడమేమిటని అడుగుతాడు నాలుగో శ్లోకంలో. అయిదులో జవాబు: నాకూ నీకూ చాలా జన్మలు గడిచాయి, అవన్నీ నాకు తెలుసు, నీకు తెలియవు. ఆరులో: పుట్టుక లేనివాణ్ణయినా నా ప్రకృతిని వశం చేసుకుని నా మాయతో పుడతాను. అయితే ఎప్పుడు పుడతావు? దానికి ఏడో శ్లోకం. ఎందుకు? దానికి ఎనిమిదోది. ఫ్లెక్సీల మీద ఏడొక్కటే కనిపించడంతో శపథంలా వినిపిస్తుంది గానీ, అక్కడది వయసు లెక్క మీద వచ్చిన అనుమానానికి సమాధానం. మీ సీనులో ఆ ప్రశ్న అడిగే అర్జునుడు లేడు.

తెనాలి రంగస్థలం: అంటే పెట్టకూడదంటారు. చప్పట్లు పోయాయి.

మంగళగిరి నుంచి: “సృజామి” అంటే సృష్టించుకుంటాను. పుట్టుక లేనివాడు తనను తాను సృష్టించుకోవడమేమిటి? “అవతరిస్తాను” అని ఎందుకు అనలేదు?

సత్యనారాయణపురం మాస్టారు: గీతలో అవతారమన్న మాటే ఎక్కడా రాదు. ఇక్కడ “సృజామి”, ఆరులోనూ ఎనిమిదిలోనూ “సంభవామి”. మీరు పట్టుకున్న చిక్కును ఆచార్యులూ పట్టుకున్నారు. శంకరులు దాన్ని మాయకు ముడివేశారు: దేహమున్నవాడిలా, పుట్టినవాడిలా కనిపిస్తాడు తప్ప నిజంగా పుట్టడు. రామానుజుల ప్రకారం ఆ రూపం నిజమైనదే, తన స్వభావాన్ని వదలకుండా తన ఇచ్ఛతో తీసుకున్నది. నాకు రామానుజుల మాటే “సంభవామి”కి దగ్గరగా అనిపిస్తుంది.

నల్లపాడు అత్తయ్య: ఆరులో “ఆత్మమాయయా” అని ఉంది కదండీ, దాన్నేం చేస్తారు?

సత్యనారాయణపురం మాస్టారు: మాయ అంటే అక్కడ జ్ఞానమని, సంకల్పమని ఆయన అర్థం చెప్పారు. మీరు ఒప్పుకోరని తెలుసు.

నల్లపాడు అత్తయ్య: ఒప్పుకోను.

ఫ్లెక్సీ డీటీపీ: పెద్దలు తర్వాత తేల్చుకోండి, మిషను ఖాళీగా ఉంది. కొత్త ప్రూఫు:

యదా యదా హి ధర్మస్య గ్లానిర్భవతి భారత
అభ్యుద్ధానమధర్మస్య తదాత్మానం సృజామ్యహమ్

సత్యనారాయణపురం మాస్టారు: ఆగు నాయనా. “ద్ధా” కాదు, “త్థా”. త కింద థ వత్తు. “ఉత్” మీద “స్థానం” చేరి “ఉత్థానం” అయింది, దకారానికి అక్కడ పనిలేదు. మిగతాదంతా సరిపోయింది.

బ్రాడీపేట టీచర్: చివర “హమ్” ఉంచనా, “హం” చేయనా?

సత్యనారాయణపురం మాస్టారు: రెండూ అచ్చుల్లో ఉన్నాయి. పోటీలో పిల్లలు పెదవులు మూసి ముగించాలనుకుంటే పొల్లు మకారమే ఉంచండి.