అరబిక్ కాగితం గ్రూపులో పెట్టే ముందు నంబర్లు, ముఖాలు కప్పాల్సిందేనా?

సిరిసిల్ల అడ్మిన్:
మా ఊరి గల్ఫ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాలుగైదు వందల మంది ఉన్నాం, అరబిక్ చదవగలిగేది ఇద్దరే. ఎవరికి ఏ కాగితం వచ్చినా ఫోటో తీసి అట్లాగే గ్రూపులో పెట్టేస్తున్నారు. బతాకా, ఇఖామా, పాస్‌పోర్ట్, కోర్టు నోటీసు అన్నీ. నంబర్లు, ముఖాలు కప్పకుండా పెడితే డిలీట్ చేస్తామని రూల్ పెడదామంటే సగం మంది ఒప్పుకోవడం లేదు, కప్పితే చదివేదెట్లా అంటున్నారు. మీరేమంటారు?

ఫర్వానియా మందూబ్:
రూల్ పెట్టండి అన్నా. కంపెనీ కాగితాలు పట్టుకుని మినిస్ట్రీల చుట్టూ తిరిగే పని నాది, రోజూ ఎవరో ఒకరికి చదివి చెబుతుంటాను. కాగితంలో ఏముందో చెప్పడానికి మనిషి నంబరు నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. తప్పేదల్లా ఏది కప్పాలో ఏది వదలాలో తెలియక.

ఒకటి చెప్తా వినండి. ఉద్యోగం మానేసేటప్పుడు "నాకు రావాల్సినవన్నీ అందాయి, ఇక కంపెనీ మీద నాకేమీ లేదు" అని రాసి సంతకం, వేలిముద్ర తీసుకుంటారు కదా, ఆ ముఖాలసా కాగితాన్ని ఒక తమ్ముడు కప్పే పంపాడు. ఇంగ్లీషు అంకెల్లో ఉన్న పాస్‌పోర్ట్ నంబరు కప్పాడు, బాగానే ఉంది. దాని పక్కనే అరబిక్ అంకెల్లో సివిల్ నంబరు మొత్తం కనబడుతోంది, అది నంబరని అతనికి తెలియలేదు. అరబిక్‌లో సున్నా అంటే ఒక చుక్క, అయిదేమో మన సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది, ఆరు చూస్తే ఇంగ్లీషు ఏడు అనుకుంటాం. ఇక కింద 640 దినార్లని రాసిన చోట, దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి చివర మరో మూడు సున్నాలు ఉంటాయి, అదేదో పెద్ద నంబరనుకుని దాన్ని కప్పేశాడు. నాకు కావాల్సింది అదే! చేరిన తేదీ, మానేసిన తేదీ, ఇస్తామన్న డబ్బు, చివరి రెండు వాక్యాలు కనబడితే సంతకం పెట్టొచ్చో లేదో చెప్పొచ్చు. ఆ డబ్బే కనబడకపోతే చెప్పడానికి ఏముంది?

కువైట్‌లో గుర్తు సులువే. వరసగా పన్నెండు అంకెలు ఉండి మొదటిది 2 గానీ 3 గానీ అయితే అది సివిల్ నంబరు. సౌదీ ఇఖామా అయితే పది అంకెలు, 2తో మొదలు. వాటిని కప్పండి. తేదీలు, డబ్బు, చట్టం ఆర్టికల్ నంబరు, పని పేరు వదిలేయండి. వీసా 18వ ఆర్టికలా, 20వ ఆర్టికలా అన్నది కప్పేస్తే అతను కంపెనీ మనిషా, ఇంటి పని మనిషా కూడా మాకు తెలియదు.

దమ్మాం డ్రైవర్:
ఊరికే భయపెట్టకండి భయ్యా. నంబరు ఒక్కటి తెలిస్తే ఏమవుతుంది? ఓటీపీ లేకుండా ఎవడూ ఏమీ చేయలేడు, ఓటీపీ మన ఫోన్‌కే వస్తుంది. అంతగా అయితే ఆధార్‌కి చేసినట్టు చివరి నాలుగు అంకెలు చూపించి మిగతావి కప్పితే సరి, లేదా మొదటి ఎనిమిది వదిలేసి చివరి నాలుగు కప్పినా సరి. అరబిక్ వచ్చిన వాళ్ళంతా ఇలా రూల్సు మాట్లాడితే చదువురాని వాళ్ళు ఎవరి దగ్గరికి పోవాలి?

ఫర్వానియా మందూబ్:
ఓటీపీ మాట నిజమే. నంబరుతోనే ఎవడూ లోపలికి పోలేడు. కానీ మోసం జరిగేది కూడా సరిగ్గా అక్కడే. కువైట్ మొబైల్ ఐడీ ఎలా పనిచేస్తుందో చూడండి: ఎవరైనా సరే మీ సివిల్ నంబరు కొట్టి లాగిన్ అడిగితే మీ ఫోన్‌కి "ఒప్పుకుంటారా" అని రిక్వెస్ట్ వస్తుంది, నొక్కితే వాడు లోపల ఉంటాడు. సౌదీ నఫాత్ కూడా అదే దారి, కాకపోతే వాడి స్క్రీన్ మీద వచ్చిన నంబరును మీరు మీ ఫోన్‌లో ఎంచుకోవాలి. ఇప్పుడు గ్రూపులో పెట్టిన ఫోటో చూడండి. మీ పేరు, కంపెనీ పేరు, నంబరు, ఇఖామా తేదీ అందులోనే ఉన్నాయి, పోస్ట్ పక్కనే మీ ఫోన్ నంబరు కూడా ఉంది. వాడు ఫోన్ చేసి మీ నంబరు మీకే చదివి వినిపించి "ఇఖామా రెన్యువల్ ఆగింది, వచ్చిన రిక్వెస్ట్ ఒప్పుకోండి" అంటే మినిస్ట్రీ వాళ్ళే అనుకోరా? ఏమీ తెలియకుండా ఫోన్ చేసినవాణ్ణి నమ్మం. అన్నీ తెలిసి చేసినవాణ్ణి నమ్ముతాం.

చివరి నాలుగు కప్పితే చాలదు. కువైట్ నంబరులో మొదటి అంకె తర్వాతి ఆరు అంకెలు పుట్టినరోజే. 2 తర్వాత 880514 ఉంటే 1988 మే 14న పుట్టాడని ఎవరైనా చెప్తారు. చివరి అంకె మిగతా వాటిని బట్టి లెక్కగట్టి వేసేది. అంటే మీరు కప్పిన నాలుగింటిలో నిజంగా తెలియనివి మూడే, వెయ్యి రకాలు ప్రయత్నిస్తే దొరికిపోతుంది. మొత్తం కప్పండి.

అమలాపురం కోడలు:
అన్నయ్య గారూ, మీరు చెప్పేది తప్పని అనను. కానీ మా వదిన విషయం చెబుతాను. ఆమె కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. రాత్రి పూట పోలీస్ స్టేషన్‌లో ఏదో కాగితం చేతిలో పెట్టారని ఫోటో పంపింది, ఏడుస్తోంది. మా మరిది దాన్ని ఒక గ్రూపులో పెడితే నంబరు కనబడుతోందని అడ్మిన్ తీసేశాడు, ఒక్క మాట కూడా చెప్పలేదు. మళ్ళీ కప్పి పెట్టేసరికి అందరూ నిద్రపోయారు. అది ఇల్లు వదిలి పారిపోయిందని ఇంటివాళ్ళు పెట్టిన కేసు కాగితమని మర్నాడు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. ఆ రాత్రంతా మా అత్తగారు పడిన టెన్షన్ మీకేం తెలుసు? నంబరు సంగతి తర్వాత, ముందు మనిషి సంగతి చూడండి.

పైగా మా మరిది నంబరు పక్కనున్న అరబిక్ ముక్క కూడా కప్పాడట. చదివినాయన "ఇది ఫైల్ నంబరో, కేసు నంబరో చెప్పలేను" అన్నారు.

ఫర్వానియా మందూబ్:
మీ మాట కాదనను అమ్మా. చెప్పకుండా తీసేయడం తప్పే. ఇక ఆ ముక్క సంగతి చాలామందికి జరుగుతుంది. మనం ఎడమ నుంచి చదువుతాం కాబట్టి ఎడమ వైపున్నది పేరు, కుడి వైపున్నది నంబరు అనుకుంటాం. అరబిక్ కాగితంలో "సివిల్ నంబరు", "కేసు నంబరు" అనే మాట కుడి వైపుంటుంది, అంకెలు దానికి ఎడమన ఉంటాయి. అంకెలే కప్పాలి, కుడి పక్క మాట వదలాలి.

కానీ కేసు ఏ స్థితిలో ఉందో చూడాలంటే మాత్రం నంబరు కావాలి, అది నిజం. అది చూడాల్సింది గ్రూపు కాదు, ఎంబసీ వాళ్ళు. వాళ్ళకి కప్పకుండా మొత్తం ఇవ్వండి, మదద్ పోర్టల్‌లో పెట్టేటప్పుడు కూడా అంతే.

రాయచోటి సర్టిఫికెట్లు:
ఎందుకీ గొడవ? నేను డిగ్రీ సర్టిఫికెట్ అరబిక్‌లోకి తర్జుమా చేయించుకున్నప్పుడు హాల్ టికెట్ నంబరు కప్పితే ట్రాన్స్‌లేటర్ స్టాంపే వేయనన్నాడు. కప్పిన కాగితం ఎక్కడా చెల్లదు, తెలుసుకోండి.

నిజామాబాద్ డీటీపీ:
అన్నా, అది ఆఫీసులో ఇచ్చే తర్జుమా, దానికి ఒరిజినల్ చేతికివ్వాలి, నిజమే. ఇక్కడ అడుగుతున్నది కాగితంలో ఏముందో చదివించుకోవడం గురించి.

నా షాపుకి రోజూ ఇవే వస్తాయి కాబట్టి ఎలా కప్పాలో చెప్తా, ఎందుకంటే కప్పామనుకున్న వాటిలో చాలా కప్పినట్టే కాదు. ఫోన్‌లో పెన్నుతో నల్లగా గీస్తారు చూడండి, అందులో మార్కర్ లాంటి పెన్ను పల్చగా పడుతుంది, నాలుగుసార్లు రుద్దినా ఎవరైనా బ్రైట్‌నెస్ పెంచితే కింద అంకెలు తేలుతాయి. ఒకసారి మీరే పెంచి చూసుకోండి. మసక చేయడం కూడా అంకెలకి పనికిరాదు, ఉన్నవి పది ఆకారాలే కాబట్టి పోల్చి పట్టుకోవచ్చు. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెడితే చాలాసార్లు కింద అక్షరాలు అట్లాగే ఉంటాయి, కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. 2023లో అయితే గూగుల్ పిక్సెల్ ఫోన్లలో కత్తిరించిన స్క్రీన్‌షాట్లలోంచి తీసేసిన భాగం తిరిగి రప్పించొచ్చని బయటపడింది, తర్వాత సరిచేశారు, కానీ అంతకుముందు పంపిన బొమ్మలు అట్లాగే తిరుగుతున్నాయి.

అందుకే నేను చెప్పేది పాత పద్ధతే. కాగితాన్ని బల్ల మీద పెట్టి, నంబరు మీద అట్ట ముక్క పెట్టి, మళ్ళీ ఫోటో తీయండి. పల్చటి కాగితం వద్దు, వెలుతురుకి కింద అంకెలు కనబడతాయి. క్యూఆర్ కోడ్, బార్‌కోడ్ తప్పకుండా కప్పండి, నంబరు కప్పి కోడ్ వదిలేస్తే ఏమీ కప్పనట్టే. పాస్‌పోర్ట్ అయితే అడుగున బాణం గుర్తులు <<< ఉన్న రెండు లైన్లూ కప్పాలి, నంబరు, పుట్టినరోజు రెండూ మళ్ళీ అక్కడ ఉంటాయి. ఇంకో మాట, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా కాకుండా మామూలు ఫోటోగా పంపండి, డాక్యుమెంట్‌గా పంపితే ఎక్కడ తీశామో ఆ లొకేషన్ కూడా వెంట పోవచ్చు.

దమ్మాం డ్రైవర్:
సరే, నంబరు ఒప్పుకున్నా. ముఖం ఎందుకు? బతాకా మీద ఫోటో పల్లీ గింజంత ఉంటుంది.

రాజంపేట అక్క:
తమ్ముడూ, ఆడవాళ్ళ ఫోటో విషయంలో అలా అనకు. పెద్దది చేసుకుని వేరే పేరుతో అకౌంట్ పెట్టడానికి ఆ కాస్త చాలు. దాని కన్నా పెద్ద ప్రమాదం కఫీలు వాళ్ళ కార్డు. ఇంటి పని కాంట్రాక్టుతో పాటు మేడం కార్డు కాపీ, ఒక్కోసారి పిల్లలవి కూడా వస్తాయి, మనవాళ్ళు అన్నీ కలిపి పెట్టేస్తారు. సౌదీలో 2007 సైబర్ నేరాల చట్టం కింద కెమెరా ఫోన్‌తో ఇంకొకరి వ్యక్తిగత జీవితంలోకి చొరబడితే ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాల్ల దాకా జరిమానా ఉంది. యూఏఈలో 2021 నాటి సైబర్ చట్టం ఇంకా గట్టిది. పని చేసే ఇంటివాళ్ళ ముఖం గ్రూపులో పడితే కేసు పెట్టేది ఆ ఇంటివాళ్ళు, ఇరుక్కునేది మన పిల్ల. చదవడానికి ముఖం దేనికీ అక్కర్లేదు.

అమలాపురం కోడలు:
మరి చనిపోయిన వాళ్ళ సంగతి? ఆసుపత్రి కాగితం వస్తుంది, పేరు అరబిక్‌లో ఉంటుంది, మన పేర్లు వాళ్ళు రాసే తీరుకి ఎవరో తెలియదు. ఆ ఫోటో, పాస్‌పోర్ట్ నంబరు చూసే కదా ఏ ఊరివాడో గ్రూపులో ఎవరో ఒకరు గుర్తుపట్టేది. అది కూడా కప్పమంటారా?

రాజంపేట అక్క:
నా వరకైతే కప్పమనే చెప్తాను. ఊరు, వయసు రాస్తే చాలు, గుర్తుపట్టినవాళ్ళకి ఫోటో విడిగా పంపొచ్చు.

ఫర్వానియా మందూబ్:
అక్కా, ఇక్కడ నేను ఒప్పుకోను. నాలుగు రోజులు శవాగారంలో ఉంచి కుటుంబం దొరకకపోతే ఎవరిని అడగాలి? ముఖం చూపించాలి, నంబరు కప్పాలి, నాదైతే ఇదే మాట.

సిరిసిల్ల అడ్మిన్:
డిలీట్ చేసే బదులు నేనే సేవ్ చేసుకుని కప్పి మళ్ళీ పెడతా అనుకుంటున్నా. పెట్టినవాళ్ళకి ఫోన్ చేసి చెప్తా. అత్యవసరం అయితే చదివే ఇద్దరికీ విడిగా పంపమంటా.

నిజామాబాద్ డీటీపీ:
అన్నా, మీరు తీసేసేలోపే చాలామంది ఫోన్లలో ఆటో డౌన్‌లోడ్ అయిపోతుంది, మెసేజ్ పోయినా గ్యాలరీలో సేవ్ అయిన ఫోటో ఒక్కోసారి ఉండిపోతుంది. పైగా నాలుగైదు వందల మంది నంబర్లు మీ ఒక్కరి ఫోన్‌లో పోగవుతాయి. అట్లా కాదు, అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా గ్రూపు సెట్టింగ్ మార్చి, కాగితం ఉన్నవాళ్ళు మీకు విడిగా పంపేటప్పుడే అట్ట ముక్క పెట్టి పంపమనండి.

దమ్మాం డ్రైవర్:
అప్పుడు అడ్మిన్ డ్యూటీలో ఉంటే గ్రూపంతా ఆగిపోతుంది కదా. నలుగురు అడ్మిన్లని వేరు వేరు షిఫ్టుల్లో ఉన్నవాళ్ళని పెట్టండి, అప్పుడైతే నాకు సమ్మతమే.